చేదంతా తొడిమ దగ్గరే

ఆ ఆదివారం మా ఇంట్లో దోసకాయ పప్పు. మా చెల్లెలు మూడు కాయలు ముందేసుకుని కోస్తోంది. మొదటి రెండూ కొరికి చూసింది, బాగున్నాయి. మూడో కాయ చేతిలోకి తీసుకునేసరికి ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, మాటల్లో పడి, ఆ కాయ ముక్కల్నీ గిన్నెలో కలిపేసింది. కుక్కర్ మూడు కూతలు కూసింది. పోపు పడింది. ఇంగువ వాసన వీధిలోకి వెళ్ళింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మా బావగారు మాట్లాడకుండా మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

ఆ తర్వాత జరిగింది చాలా ఇళ్ళలో జరిగేదే. నిమ్మకాయ పిండాం. బెల్లం వేశాం. ఇంకో గ్లాసుడు పప్పు ఉడకబెట్టి కలిపాం. పప్పు పెరిగింది గానీ చేదు తగ్గలేదు. చివరికి అందరం ఆవకాయతో తిని లేచాం.

ఒక్క కాయ చేదు గిన్నెడు పప్పుని ఎలా పాడుచేసింది? ఉడికినా ఎందుకు పోలేదు? పక్కపక్కనే పెట్టి అమ్మిన కాయల్లో రెండు కమ్మగా ఉండి, మూడోది విషంలా ఎందుకుంది? వీటన్నిటికీ జవాబు మొక్క ఒంట్లోనే ఉంది.

రెండు దోసలు, ఒకటే చేదు

మనం దోస అని పిలిచేవి నిజానికి రెండు వేరు వేరు జాతులు. సలాడ్‌లోకి, పెరుగు పచ్చడిలోకి కోసుకునే పొడవాటి ఆకుపచ్చ కీర ఒకటి. పప్పులోకి, దోసావకాయలోకి వాడే గుండ్రటి పసుపు దోసకాయ మరొకటి. పేరు కలిసినా ఈ పసుపు దోసకాయ కీరకు తోబుట్టువు కాదు, దాని సొంత జాతి ఖర్బూజాది. వేసవిలో పంచదార వేసుకుని తినే ఖర్బూజా, పప్పులో వేసే దోసకాయ వృక్షశాస్త్రం లెక్కలో ఒక ఇంటి పిల్లలు. కీర పక్కింటి పిల్ల.

అయితే రెండిళ్ళకూ ఒకే ఆస్తి ఉంది. కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు అవి. కీర, దోస, సొర, గుమ్మడి, పుచ్చ అన్నీ ఈ కుటుంబంలోవే. కీరలో ప్రధానంగా ఒక రకం కుకుర్బిటాసిన్, ఖర్బూజా జాతిలో ఇంకో రకం ఉంటాయి. కాకరకాయ చేదు కూడా వీటికి దూరపు చుట్టమే, కాకపోతే దాన్ని మనం కోరి తెచ్చుకుంటాం.

మొక్క ఈ చేదును మన నోరు పాడుచేయడానికి తయారుచేయలేదు. ఆకుల్ని, లేత కాయల్ని మేసే పురుగుల నుంచి, జంతువుల నుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకుంది. చాలా ప్రాణులు ఒక్క కొరుకుతో వదిలేస్తాయి. తమాషా ఏమిటంటే, దోస కుటుంబాన్నే నమ్ముకుని బతికే కొన్ని పెంకు పురుగులు మాత్రం ఈ చేదుకు అలవాటు పడ్డాయి. వాటికి ఇది విందు పిలుపులాంటిది.

కీర పుట్టినిల్లు మన దేశమే. హిమాలయాల దిగువ కొండల్లో దాని అడవి బంధువు ఇప్పటికీ పెరుగుతోంది. కోడిగుడ్డంత చిన్న కాయ, నోట పెట్టలేనంత చేదు. మన పూర్వీకులు తరతరాలుగా చేదు తక్కువున్న కాయల విత్తనాలనే దాచి నాటుతూ వచ్చారు. అలా ఈనాటి కీర తయారైంది. ఆ పూర్వీకులు తెలియకుండానే చేసిన పనేమిటో 2014లో బయటపడింది. చైనా వ్యవసాయ విజ్ఞాన అకాడమీలో సాన్వెన్ హ్వాంగ్ బృందం కీరలో చేదును తయారుచేసే తొమ్మిది జన్యువుల్ని, వాటిని నడిపించే రెండు మీటల్ని గుర్తించింది. ఒక మీట ఆకులది, ఇంకొకటి కాయది. మనం తినే కీరలో కాయ మీట బలహీనపడి ఉంటుంది. ఆ కాయ మీటకు శాస్త్రవేత్తలు పెట్టిన పొట్టి పేరు బీటీ. బీటీ పత్తికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు అలా కలిసిందంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కాయ మీట బలహీనపడింది గానీ ఊడిపోలేదు. ఆకులది అసలు ఆగనే లేదు. కమ్మటి కీర కాసిన తీగ ఆకును తుంచి నమిలినా చేదుగానే ఉంటుంది. అంటే చేదు తయారుచేసే విద్య ఆ మొక్కకు ఇంకా వచ్చు. సందర్భం కోసం ఎదురుచూస్తుంటుంది.

ఎండ, దాహం, తొడిమ

ఆ సందర్భం కష్టకాలం. నీళ్ళు చాలకపోవడం, వారం ఎండగట్టి ఒక్కసారిగా పారగట్టడం, పగటి ఎండకీ రాత్రి చలికీ మధ్య పెద్ద తేడా రావడం, నేలలో సారం తగ్గడం. ఇలాంటప్పుడు మొక్క తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది. చేదు ఎక్కువవుతుంది. ఒకే పొలంలో, ఒకే తీగకు వారం తేడాతో కాసిన రెండు కాయల్లో ఒకటి కమ్మగా, ఇంకోటి చేదుగా ఉండడానికి కారణం ఇదే. ఆ వారంలో తీగ పడిన కష్టం కాయలోకి దిగింది.

చాలామంది “మందులు కొట్టడం వల్ల చేదొచ్చింది” అంటారు. మందు అవశేషాలు వేరే సమస్య. ఈ చేదు మాత్రం మొక్క సొంత తయారీ, ఒక్క చుక్క మందు తగలని పెరటి కాయలోనూ వస్తుంది. ఇంకొందరు “పక్కన కాకర పాదు ఉంది, అందుకే” అంటారు. కాకర పుప్పొడి కీర పువ్వు మీద పడ్డా కీరకాయ కాకర కాదు. ఆ రెండూ అసలు సంకరమే కావు. ఒకే జాతిలో చేదు రకం పుప్పొడి పడితే దాని ప్రభావం లోపలి గింజల్లో ఉంటుంది. ఆ గింజ నాటితే వచ్చే తీగలో కనిపిస్తుంది గానీ, మీరు కోస్తున్న కాయ గుజ్జులో కాదు.

చేదు కాయంతా సమంగా పరుచుకోదు. ఇదే వంటింటికి పనికొచ్చే సంగతి. కీరలో అది తొడిమ వైపు కొనలోనూ, తొక్క కిందనే ఉన్న పలచటి పొరలోనూ ఎక్కువగా పేరుకుంటుంది. పువ్వు రాలిన కొన వైపు వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే ఒక మాదిరి చేదున్న కీరలో తొడిమ వైపు ముక్క నోట పెట్టలేకపోయినా, అవతలి సగం హాయిగా తినొచ్చు.

పసుపు దోసకాయ కథ కొంచెం వేరు. దాని జాతిలో చాలా రకాలకు పసికాయ చేదుగా ఉండి, పండేకొద్దీ ఆ చేదు పోయే గుణం ఉంది. చేల గట్ల మీద కాసే బుడమకాయల్ని పచ్చిగా కొరికిన పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. విత్తనం ముదిరేదాకా ఎవరూ ముట్టకుండా చేదు కాపలా కాస్తుంది. ముదిరాక ఎవరో ఒకరు తిని విత్తనాన్ని దూరం తీసుకెళ్ళాలి కాబట్టి కాపలా తీసేస్తుంది. మృత్యుంజయ మంత్రంలో తొడిమ నుంచి తనంతట తాను విడివడే దోసపండు ఉపమానం ఉంది కదా, అది ఆ ఘడియలో ఉన్న పండే.

నురుగు తీస్తే చేదు పోతుందా?

కీర తల కోసి, ఆ ముక్కతోనే కోసిన చోట గుండ్రంగా రుద్దడం మనలో చాలామంది అమ్మ చేతిలో చూసి నేర్చుకున్న పని. తెల్లటి నురుగు వస్తుంది. “అదిగో, చేదంతా వచ్చేసింది” అంటారు. నురుగు నిజమే. కీర కోసిన చోట కాయ నాళాల్లోంచి జిగురు రసం ఊరుతుంది. రుద్దితే గాలి కలిసి నురగెత్తుతుంది. కానీ కాయ గుజ్జులో, తొక్క కింద కణాల్లో ఇరుక్కున్న చేదు ఆ రుద్దుడికి జానెడు దూరం నడిచి రాదు. పైగా ఈ చేదు పదార్థాలు నీటిలో సరిగా కరగవు కూడా.

మరి అమ్మ రుద్దితే కాయ కమ్మగా ఎందుకుండేది? రెండు కారణాలు. ఒకటి, చాలా కాయలు అసలు చేదువి కావు. రెండు, రుద్దడానికి ముందు అమ్మ తల కోసి పారేసింది. చేదు ఎక్కువుండే చోటు అదే. పని చేసింది కత్తి, పేరొచ్చింది నురుగుకి.

ఉప్పు సంగతి కూడా ఇలాంటిదే. కీర ముక్కల మీద ఉప్పు చల్లి పావుగంట ఉంచి పిండితే నీళ్ళు పోతాయి, ముక్క కరకరలాడుతుంది. వాటితో పాటు కొంచెం చేదు పోవచ్చు. అసలు పని మాత్రం మన నాలుక మీద జరుగుతుంది. ఉప్పు ఉన్నచోట నాలుకకు చేదు తక్కువగా తెలుస్తుంది. కొద్దిపాటి చేదుకు ఇది సరిపోతుంది. గట్టి చేదున్న కాయకు ఉప్పు దుప్పటి కప్పడమే అవుతుంది, కింద చేదు అలాగే ఉంటుంది.

వేడి ఇంకా పనికిరాదు. కుకుర్బిటాసిన్లు వంట వేడికి విరగవు. మా ఆదివారం పప్పు మూడు కూతల తర్వాత కూడా మారకపోవడానికి కారణం ఇదే. ఉడికినప్పుడు ఆ చేదు ముక్కలోంచి బయటికొచ్చి పప్పంతా కలిసింది, అంతే. చాలా కొద్దిగా ఉన్నా నాలుక పసిగట్టే రుచి కాబట్టి, ఒక్క కాయ గిన్నెకంతటికీ సరిపోయింది.

కత్తి పట్టే పద్ధతి

కాబట్టి చేదును వదిలించుకునే దారి ఒకటే, అది ఉన్నచోటు కోసి అవతల పడేయడం. మొన్న సంతలో కొన్న జానెడు కీర, సుమారు ఇరవై సెంటీమీటర్లది, ఎలా కోశానో చెబుతాను.

ముందు కడిగి, ఏది తొడిమ వైపో చూసుకున్నాను. తొడిమ ముక్క ఉంటే సరే. ఊడిపోతే ఆ చోట గుండ్రటి మచ్చ, చుట్టూ కాస్త ముదురాకుపచ్చ ఉంటాయి. పువ్వు కొన లేతరంగులో, చిన్న ఎండు మచ్చతో ఉంటుంది. తొడిమ వైపు నుంచి రెండు సెంటీమీటర్లు కోసి పారేశాను. తర్వాత కాగితంలా పలచటి బిళ్ళ ఒకటి తీసి, దాని అంచు తొక్కతో సహా కొరికాను. చేదు వెంటనే తెలియదు, నాలుగైదు క్షణాలాగి నాలుక వెనక వైపు తగులుతుంది. ఆగి చూశాను. గట్టిగానే తగిలింది. ఉమ్మేసి నోరు పుక్కిలించాను.

కత్తి కడిగి ఇంకో రెండు సెంటీమీటర్లు కోశాను. ఈసారి లోపలి గుజ్జు బాగుంది, తొక్క దగ్గర మాత్రం సన్నటి చేదు. మరో రెండు సెంటీమీటర్లు తీశాక తొక్క చేదు కూడా దాదాపు లేదు. అంటే కాయలో పద్నాలుగు సెంటీమీటర్లు మిగిలింది. దాన్ని పువ్వు కొన నుంచి తొడిమ వైపుకు చెక్కాను. చేదు అంటిన పీలర్ కమ్మటి భాగం మీదకు మళ్ళీ రాకుండా ఉండడానికి ఆ దిక్కు. తొడిమ దగ్గరి సగాన్ని రెండోసారి కూడా చెక్కాను, ఎందుకంటే చేదు పొర తొక్క కిందనే ఉంటుంది, ఒక్క పలచటి చెక్కుతో పూర్తిగా రాదు. చివర్లో ఇంకోసారి రుచి చూసి పెరుగులో వేశాను. ఎవరికీ తేడా తెలియలేదు.

మూడో కోతకీ గుజ్జే చేదుగా ఉంటే కాయ మధ్యలో ఒక ముక్క చూడండి. అక్కడా చేదుంటే ఇక ఆ కాయతో పోరాడొద్దు. అది చెత్తబుట్టకే.

పసుపు దోసకాయ గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొన కోసి తప్పించుకునే వీలు తక్కువ. దీనికి వేరే క్రమశిక్షణ కావాలి. ఒక్కో కాయనూ విడి ప్లేటులో కోయాలి. సగానికి కోసి, తొడిమ వైపు గుజ్జు చిన్న ముక్క, రెండు గింజలు విడివిడిగా నోట్లో వేసుకోవాలి. గుజ్జు బాగుండి గింజలే చేదనిపిస్తే, గింజలు, వాటి చుట్టూ ఉన్న జిగురు చెంచాతో గీకేస్తే చాలు. గుజ్జే చేదైతే కాయ మొత్తం పోయినట్టే. రెండూ బాగుంటేనే ప్లేటులో ముక్కలు పెద్ద గిన్నెలోకి. దోసావకాయలో ముక్కలు తొక్కతోనే వేస్తాం కాబట్టి అక్కడ రుచి చూసేటప్పుడు తొక్కతో కలిపి కొరకాలి. నూనె, కారం, ఆవపిండి పడ్డాక ఒక్క చేదు కాయ జాడీనంతా ముంచుతుంది. అప్పుడు పారేయాల్సింది ఒక కాయ కాదు, జాడీ.

బండి దగ్గర ఏం చూడాలి

కాయ పైన చూసి లోపలి చేదు కచ్చితంగా చెప్పే గుర్తేదీ లేదు. చేదు వచ్చే అవకాశం తక్కువున్న కాయని ఏరుకోగలం, అంతే.

కీర అయితే మధ్యస్థంగా, పొడవునా ఒకే లావుగా, చేతికి గట్టిగా ఉండాలి. ఒక కొన ఉబ్బి ఇంకో కొన సన్నబడినదీ, మధ్యలో నడుము నొక్కుకుపోయినదీ, బాగా వంకర తిరిగినదీ పక్కన పెట్టండి. నీరు సరిగా అందకపోయినా, పువ్వు సరిగా ఫలదీకరణ చెందకపోయినా కాయ ఇలా వికారంగా ఎదుగుతుంది. ఆకారం చెడగొట్టిన కష్టమే చేదును కూడా తెచ్చి ఉండొచ్చు. పసుపు తిరిగిన కీర ముదిరింది. గింజ గట్టిపడి రుచి పోయి ఉంటుంది.

పసుపు దోసకాయకు ఈ లెక్క తిరగబడుతుంది. దానికి పసుపే అందం. రంగు బాగా తిరిగి, గట్టిగా, అరచేతిలో బరువుగా ఉన్నది ఏరుకోండి. రంగు తిరగని పసికాయలో చేదు మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

చేదంటే బొత్తిగా పడని వాళ్ళకు ఇంకో దారుంది. సూపర్ మార్కెట్లలో ప్లాస్టిక్ తొడుగేసి అమ్మే పొడవాటి, పలచ తొక్క కీర చాలావరకు పాలీహౌస్‌లో పెంచిన గింజలేని రకం. ఈ రకాల్లో చాలావాటిలో ఆకులతో సహా మొక్క మొత్తం చేదు తయారుచేయలేని గుణాన్ని ప్రజననంలో నిలబెట్టారు. మీట లేనప్పుడు ఎండ ఎంత కాసినా నొక్కేదేముంది? ధర ఎక్కువ, మన నాటు కీర వాసన ఉండదు. చేదు భయం మాత్రం దాదాపు లేదు.

మిద్దె మీద గ్రో బ్యాగుల్లో కీర వేసేవాళ్ళకు ఒక్క మాట. వేసవిలో ఆ సంచి పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతుంది. రెండు రోజులకోసారి బకెట్ గుమ్మరించడం కంటే రోజూ రెండు పూటలా కొంచెం కొంచెం పోయడం నయం. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. చేదు కాయ కాసిన తీగ నుంచి విత్తనం దాచొద్దు.

ఉమ్మేయాల్సిన చేదు

ఇంతవరకూ రుచి గురించే మాట్లాడాం. గట్టి చేదు విషయంలో మాత్రం రుచి ఒక్కటే కాదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ రసం, కాకర రసం కలిపి తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం చేదుగా ఉన్న సొరకాయ రసం తాగొద్దని, ముందు ముక్క రుచి చూడాలని సూచించింది. 2015లో జర్మనీలో ఒక పెద్దాయన పక్కింటివాళ్ళ తోటలో కాసిన చేదు జుకినీతో చేసిన వంట తిని చనిపోయారు. అదీ ఇదే కుటుంబం, అదే పదార్థం, వంట దాన్ని ఆపలేదు.

బజారులో దొరికే కీరలో, దోసకాయలో చేదు ఆ స్థాయికి చేరడం అరుదు. ఒక ముక్క నాలికకు తగిలి ఉమ్మేస్తే ఏమీ కాదు. ప్రమాదం చేదును మింగడంలో ఉంది. ముఖ్యంగా రసం తీసి, ఆరోగ్యానికి మంచిదని కళ్ళు మూసుకుని గ్లాసులకొద్దీ తాగడంలో ఉంది. ముక్కయితే నాలుక రెండో కొరుకుకే ఆపుతుంది. గ్లాసులో పోసిన రసం గుటుక్కున దిగుతుంది. చేదు తిన్న కొద్ది గంటల్లోపు కడుపునొప్పి, ఆగని వాంతులు, విరేచనాలు, రక్తం పడడం, కళ్ళు తిరగడం కనిపిస్తే ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. దీనికి విరుగుడు మందు లేదు. ఒంట్లో నీరు, రక్తపోటు పడిపోకుండా కాపాడడమే వైద్యం.

మా చెల్లెలు ఇప్పుడు దోసకాయ కోసేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెడుతోంది. ఒక్కో కాయకూ ఒక్కో ప్లేటు, ఒక్కో కాయకూ ఒక కొరుకు. మొన్న మా బావగారొచ్చిన రోజు మళ్ళీ దోసకాయ పప్పే. ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా ఒక్క క్షణం ఆమె వైపు చూశారు. “ఐదు కాయలు కోశాను బావగారూ, ఒకటి చెత్తబుట్టలో ఉంది, చూపించనా?” అంది.